రేకు చిరగడానికి ముప్పై కారణాలు

మా అత్తగారికి కంటి ఆపరేషన్ అనగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడ కన్ను కాదు, మా ఛానల్. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ నిజం. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మా వీడియోలు జనం చూసేది మాత్రం పొయ్యి మీద బోర్లించిన కుండ ముందు కూర్చుని ఆవిడ వేసే చురకల కోసం. ఆపరేషన్ తర్వాత నెల రోజులు పొగ దగ్గరకు వెళ్లకూడదని రాజమండ్రి డాక్టరుగారు గట్టిగా చెప్పారు. రోజుకో షార్ట్, అంటే నిమిషం లోపు వీడియో, పెట్టే అలవాటు ఆగిపోతే చూసేవాళ్లు మరిచిపోతారని నా భయం.

అందుకని ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరం వసారాలో చాప వేసుకుని కూర్చున్నాం. నా చేతిలో నోటుబుక్కు, ఆవిడ చేతిలో ఈనెలు తీయడానికి కొబ్బరాకులు. నెలకు సరిపడా ముప్పై స్క్రిప్టులు ఆ రోజే రాసేయాలి. తర్వాత రెండు రోజుల్లో చిత్రీకరణ, శుక్రవారం ఆపరేషన్. ఆరు చీరలు ఇస్త్రీ చేయించి పెట్టాను, అయిదు షార్టులకు ఒకటి చొప్పున. ఒకే చీర నెలంతా కనపడితే చూసేవాళ్లు వెంటనే పట్టేస్తారు.

ముప్పైకీ ఒకటే విషయం పెట్టుకున్నాను: రేకు ఎందుకు చిరుగుతుంది? అందరూ ఎలా చేయాలో చెబుతారు, ఎందుకు పాడవుతుందో ఎవరూ చెప్పరు. ఒకే విషయమైతే రాయడమూ తేలిక, ప్రతిసారీ కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు. ఒక్కో స్క్రిప్టు పూర్తిగా రాసుకుంటూ పోతే పదో దానికే బుర్ర ఎండిపోతుందని ఇదివరకే తెలుసు. అందుకే ముందు విషయాల జాబితా, తర్వాత అన్నింటికీ మొదటి వాక్యాలు, ఆ తర్వాతే మధ్యలో చెప్పేవి, చివరి మాటలు. మొదటి మూడు సెకన్లలో చూసేవాళ్లను ఆపలేకపోతే వేలితో పైకి జరిపేస్తారు. మొత్తం నలభై సెకన్లు దాటకూడదు. "నిన్న చెప్పుకున్నాం కదా" అన్న మాట అసలు రాకూడదు, ఎందుకంటే షార్టులు ఎవరూ వరసగా చూడరు.

"చెప్పండి అత్తయ్యగారూ, రేకు ఎందుకు చిరుగుతుందండి?"

ఆవిడ ఈనె తీస్తూనే చెప్పుకుపోయారు. కొత్త బియ్యం. సరిగా నానకపోవడం. పిండి చిక్కనవడం. మరీ పల్చనవడం. కుండ ఒక పక్కే వేడెక్కడం. కుండకు నూనె ఎక్కువ రాయడం. పిండిలో ముంచే గుడ్డకు మడత పడటం. గాలి. తొందర. ముసురు. మడిచే ముందు తడిగుడ్డ అద్దకపోవడం. "అంతేనమ్మా. పదకొండు. ఇంకేం లేవు."

"ముప్పై కావాలండి!"

"లేని కారణాలు ఎక్కణ్ణుంచి తెచ్చేది? రేకు చిరగడానికి కూడా హద్దుంటుందే."

నేను తక్కువదాన్నా? ఒక్కో కారణాన్ని రెండు చేశాను. చిరిగిన రేకు చూసి కారణం ఎలా పట్టాలో ఒకటి, దాన్ని ఎలా సరిచేయాలో ఇంకొకటి. ఇరవై రెండు అయ్యాయి. మధ్యాహ్నం పప్పన్నం తిని మళ్లీ కూర్చున్నాం. రాసినవి ఫోన్‌లో సమయం చూసుకుంటూ పైకి చదివాను. సగం "మీకు తెలుసా" అనే మొదలవుతున్నాయి. ఒకే రోజు రాస్తే వచ్చే రోగం అదే, మనకు తెలియకుండా ఒకే తోవలో నడుస్తాం. అవన్నీ కొట్టేసి మార్చాను. నలభై సెకన్లు దాటినవాటికి తోకలు కోశాను.

ఇంకా ఎనిమిది మిగిలాయి. బావి ఎండినా చేద వేయడం మాననట్టు, నేను పొగడ్తలు అందుకున్నాను. ఇరవై మూడోది గొప్పగా వచ్చిందనుకుని గొంతు పెంచి మరీ చదివాను. "నలభై ఏళ్లుగా మా అత్తగారి చేతిలో ఒక్క రేకూ చిరగలేదు! ఎందుకో చూడండి."

ఆవిడ చేతిలో ఈనె ఆగిపోయింది. "అది కొట్టెయ్."

"సరదాకండీ."

"సరదాకైనా నా పేరు మీద అబద్ధం చెప్పకు. నాకు రోజూ చిరుగుతాయి. కుండ కుదురుకునేదాకా మొదటివి ఎవరికైనా చిరుగుతాయి. నాకు ఆ తర్వాత కూడా చిరుగుతున్నాయి." ఈనె పక్కన పెట్టి అన్నారు: "రాసుకో. పన్నెండో కారణం. వేసేదానికి కళ్లు కనపడకపోవడం."

నేను నవ్వబోయి ఆగిపోయాను. డాక్టరుగారి దగ్గర కూడా "కొంచెం మసగ్గా ఉందండి" అని ఊరుకున్న మనిషి, ఆ రోజు అసలు సంగతి చెప్పారు. రెండేళ్లుగా ఆవిడకు కుండ మీద రేకు కనపడటం లేదు. కుండ నల్లగా ఒక ముద్దలా కనిపిస్తుంది, అంతే. గుడ్డ లాగగానే వచ్చే సుయ్‌మన్న చప్పుడు ఆగితే రేకు ఆరినట్టు. అంచు లేచిందో లేదో వేలికి తెలుస్తుంది. చిరిగినవి ఎవరూ చూడకుండా గిన్నె కింద పెట్టి, పాలు పోసుకుని తనే తినేస్తున్నారు.

"ఎందుకు చెప్పలేదండి?" అన్నాను. నా గొంతు కోపంగా వచ్చింది. లోపల ఉన్నది కోపం కాదు.

"చెబితే కుండ ముందు నుంచి లేపేస్తారుగా. మంచాన కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. నాకు ఆ కుండ తప్ప ఏముందే?"

రోజూ ఆవిడ ముఖాన్ని ఫోన్‌లో ఇంత పెద్దది చేసి కత్తిరించి అతికించేదాన్ని నేనే. ఆవిడ కుండవైపు కాకుండా కొంచెం పక్కకు చూస్తూ వినడం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఆ చూపు వీడియోలో బాగుంటుందని ఉంచేదాన్ని కూడా.

"లేపమండి," అన్నాను. "కళ్లు వచ్చాక మళ్లీ మీరే కూర్చుంటారు. నా మాట." ఆవిడ నన్ను నమ్మారో లేదో తెలియదు. "అయితే రాయి" అన్నారు.

మిగిలిన ఎనిమిదింటికీ నేను ఒక్క ముక్క కల్పించనక్కర్లేకపోయింది. చప్పుడుతో ఎలా తెలుస్తుంది, అరచేతికి తగిలే సెగతో ఎలా తెలుస్తుంది, పిండి జారే తీరుతో చిక్కదనం ఎలా తెలుస్తుంది. ఆవిడ చెప్పడం, నేను రాయడం. పొద్దు వాలేసరికి ముప్పై పూర్తయ్యాయి. చివరిదానికి స్క్రిప్టే రాయలేదు, "కళ్లు కనపడటం లేదు, వచ్చాక కనపడతాను" అని మాత్రం ఆవిడ అన్నది అన్నట్టు పెట్టాను. చిత్రీకరణ రోజు ఆవిడ ఒక్క టేక్‌లో చెప్పేశారు.

రోజుకొకటి వెళ్లేలా తారీఖులు పెట్టేసి ఆస్పత్రికి వెళ్లాం. నెల తిరిగింది. ముప్పయ్యోది వెళ్లిన పొద్దున ఆవిడ నల్లకళ్లద్దాలు తీసి ఫోన్ అడిగారు. వసారాలో అదే చాప మీద కూర్చుని మొదటి షార్ట్ నుంచి మొదలుపెట్టారు. మెచ్చుకుంటారని పక్కనే కూర్చున్నాను. నాలుగోది దాటారు, తొమ్మిదోది దాటారు. ముఖంలో నవ్వు రాలేదు. ఒక దగ్గర వేలితో ఆపి ఫోన్ నా ముందుకు తోశారు.

"ఈ అంచు చూడు. మందంగా లేదూ? ఇక్కడ చిల్లు. ఇది రేకేనా?"

"బాగానే ఉంది కదండీ," అన్నాను బిత్తరపోయి.

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూశారు. రెండేళ్ల తర్వాత నన్ను నిజంగా చూడటం అదే మొదటిసారి.

"నాకు కళ్లు లేక తెలియలేదు. నీకేమైందే? లే, కుండ పెట్టు. ఈసారి నువ్వు కూర్చో. పక్కన నేనుంటాను."