పద్నాలుగో సిస్టమ్

ల్యాబ్ ఇన్‌చార్జ్ ఒక్కో కంప్యూటర్ తెరిచి, విద్యార్థుల ఫైళ్లు మిగిలాయేమో చూస్తున్నాడు. శుక్రవారంలోగా ఎవరివి వాళ్లు తీసుకోవాలని, తర్వాత అన్నీ ఫార్మాట్ చేస్తామని క్లాసు గ్రూపులో నోటీసు పెట్టాడు. పోయిన నెల చనిపోయిన అమ్మాయి నంబరు ఆ గ్రూపులోంచి తీసేయడం మరిచాడు.

ఆమె తల్లి గుమ్మంలో నిలబడింది, చేతిలో కూతురి ఫోను.

“నోటీసొచ్చింది బాబూ. ఎక్కడి వస్తువులక్కడే వదిలేసే రకం అది. ఇప్పుడూ నేనే సర్దాలి.”

అతను సిస్టమ్‌లన్నీ వెతికాడు. పద్నాలుగో సిస్టమ్‌లో ఆ అమ్మాయి రోల్ నంబరు ఫోల్డర్ ఇంకా ఉంది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ప్రతి ఫైలూ తెరుచుకుంటోందని చూశాకే సిస్టమ్‌లోది తుడిచాడు.

“ప్రాజెక్టు పూర్తి చేసిందా?”

“సగమేనమ్మా. చేసిందంతా పొందిగ్గా ఉంది.”

పెన్‌డ్రైవ్ ఆమె అరచేతిలో పెట్టాడు.