సీటు తుడిచిన తువ్వాల

మక్తల్‌లో మా ఆఫీసులో పక్క సెక్షన్ మేడం భర్త చనిపోయారని తెలిసింది. ఆమెతో నా పరిచయం నమస్కారం వరకే. మాటలెక్కువైతే సరుకు మీద అనుమానం వస్తుందని దుకాణంలో పెరిగిన నాకు తెలుసు. అయినా రెండు పేజీల ఓదార్పు ఉత్తరం రాసి, చివర "ఏ అవసరమున్నా చెప్పండి" అని పెట్టాను.

మా ఆవిడ చదివి నవ్వింది. "గిది దుకాణంల అప్పడిగితే ‘రేపు రా’ అన్నట్టే ఉంది. ఆమె నిన్నేమడుగుతది? నీకు నిజంగ తెలిసింది రాయి."

నాకు తెలిసింది ఒక్కటే. నాతో నేనే బేరమాడి నాలుగు వాక్యాలకు దించాను: "రోజూ సాయంత్రం మీ వారు గేటు దగ్గర స్కూటీ ఆపి, మీరు కూర్చునేముందు తువ్వాలతో సీటు తుడవడం చూసేవాణ్ణి. ఆయన లేరంటే బాధగా ఉంది. మీరు వచ్చేదాకా మీ సెక్షన్ పింఛను ఫైళ్లు నేను చూస్తాను. జవాబు రాయనక్కర్లేదు."

నెల తర్వాత ఆమె డ్యూటీకి వచ్చారు. ఫైళ్లు అప్పగిస్తుంటే, "సార్, గా సీటు తుడుసుడు మీరు గూడ చూసిండ్రా? నేనొక్కదాన్నే చూసిన అనుకున్న," అన్నారు. కళ్లు తడిగానే ఉన్నాయి, కానీ నవ్వారు.

ఆ సాయంత్రం గేటు దగ్గర అదే స్కూటీ ఉంది. ఆమె తువ్వాలతో సీటు తుడిచి, తనే నడుపుకుంటూ వెళ్లారు.