సున్నా నుంచి రెండు పైల దాకా

మా బావకు ట్యుటోరియల్ పిల్లలు పెట్టిన పేరు టీ మాస్టారు. ఇంటిగ్రల్ కింద సైనో కాసో కనబడితే చాలు, టాన్ ఎక్స్ బై టూని టీ అనుకుందాం అంటూ మొదలుపెడతాడు. ఆయన లెక్కలు, నేను ఫిజిక్స్. ఇద్దరమూ గంటకింత అని చెప్పే వాళ్ళమే. డిగ్రీ కాలేజీలో పర్మినెంట్ పోస్టు పడేసరికి బావకు ప్రాణం లేచొచ్చింది. వయసు పరిమితి దాటకముందు అదే ఆఖరి అవకాశం.

డెమో క్లాసు రోజు నేను వరండా కిటికీ దగ్గర నిలబడ్డాను. ఒకటి బై రెండు ప్లస్ కాస్ ఎక్స్, సున్నా నుంచి పై బై టూ దాకా, మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా చేశాడు. కాస్ ఎక్స్ బదులు టీలు వేస్తే లోపల రెండు బై మూడు ప్లస్ టీ స్క్వేర్ మిగిలింది. వెనక బెంచీలోంచి లెక్కల డిపార్టుమెంటు హెడ్డుగారు, అదే లెక్క రెండు పైల దాకా చేయమన్నారు.

బావ హద్దులు మార్చాడు. ఎక్స్‌లో సగం కదా, టాన్ సున్నా సున్నా, టాన్ పై కూడా సున్నా. సున్నా నుంచి సున్నా దాకా కాబట్టి జవాబు సున్నా అని రాసి చుట్టూ గడి గీశాడు.

ముందు వరుసలో అమ్మాయి లేచింది. "సార్, రెండు ప్లస్ కాస్ ఎక్స్ ఎప్పుడూ ఒకటికి తగ్గదు కదా. అంతా పాజిటివ్ అయితే ఏరియా సున్నా ఎలా అవుతుంది?"

బావ బోర్డు మీది ఒక్కో వరుసా మళ్ళీ చూసుకున్నాడు. వరుసలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అదే ఆయన ఖర్మ. నాకు మా ట్యుటోరియల్ మీద ఒళ్ళు మండిపోయింది. పరీక్షలో అడగనిది చెప్పొద్దని యాజమాన్యం హుకుం. హద్దులు పై దాటితే ఏం చేయాలో చెప్పక చెప్పక బావ తనే మర్చిపోయాడు. బెల్లు కొట్టారు.

మెట్ల మీద చటుక్కున ఆగాడు. "ఎక్స్ పై దగ్గరికొస్తే టీ అనంతానికి పోతుందిరా, అవతల మైనస్ అనంతం నుంచి వస్తుంది. అక్కడ రెండు ముక్కలు చేయాలి. ముక్కకి పై బై రూట్ త్రీ. మొత్తం రెండు పైలు బై రూట్ త్రీ."

చేయి పట్టుకుని మళ్ళీ పైకి లాక్కెళ్ళాను. హెడ్డుగారు విని, జవాబు సరైనదేనని, బోర్డు దగ్గర వచ్చి ఉంటే బాగుండేదని మర్యాదగానే చెప్పి పంపేశారు. పోస్టు ఇంకొకరికి వెళ్ళింది.

సంగతి తెలిసి అక్క వంటింట్లో ఏడ్చింది.

"ఇన్నేళ్ళలో ఎంతమందికి చెప్పానురా ఆ పాఠం," అన్నాడు బావ. "ఆ పిల్ల అడిగిన మాట మన ట్యుటోరియల్ పిల్లల్లో ఒక్కడు అడిగినా, నాకు గుర్తుండిపోయేది. ఎదురు అడగొద్దని వాళ్ళకి నేర్పింది నేనే."