మా పాప గొంతులో లేని ముల్లు

తొంభైల చివర్లో మాట. విజయవాడ వన్ టౌన్‌లో ఇరుకు సందులో ఉండేవాళ్ళం. మా అత్తవారిది చేపల వ్యాపారం. కొల్లేటి వైపు నుంచి వచ్చే సరుకుకి మార్కెట్లో వేలంపాట పెట్టేది మా మామయ్యగారే. ఆయన గొంతెత్తితే పక్క సందులో కుక్కలు లేచి కూర్చునేవి.

ఒకరోజు మా మూడేళ్ళ పాప అన్నం ముద్ద నోటి దాకా తెచ్చుకుని ఏడుపు లంకించుకుంది. మింగదు. నోటి వెంట చొంగ కారుతోంది. ముందురోజు అత్తయ్యగారు శీలావతి చేపల పులుసు పెట్టారు.

"ముల్లు దిగింది," అని మామయ్యగారు తేల్చేశారు.

అత్తయ్యగారు గరిటె కింద పెట్టేశారు. "నలభై ఏళ్ళుగా ముల్లు తీసి పెడుతున్నాను. నా చేతిలోంచి ముల్లు జారిందా?"

"జారకపోతే పిల్ల ఎందుకు ఏడుస్తుంది?"

ఆ జవాబుతో ఇల్లు రెండు పార్టీలైంది. ముల్లు కిందికి పోతుందని మామయ్యగారు పొడి అన్నం ముద్ద చేసి నోట్లో పెట్టబోతే పాప ఆయన వేలు కొరికింది. అరటిపండు పెడితే ఆయన చొక్కా మీదే ఉమ్మింది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది.

"ముల్లుకి జ్వరం వస్తుందా మామయ్యా?" అన్నాను నేను, భయంభయంగా.

"వేడి చేసిందే," అన్నారు అత్తయ్యగారు, నింద తన మీద నుంచి తప్పినందుకు కాస్త సంతోషంగా.

నలుగురం ఒకే ఆటోలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆవిడ పాప నాలుకని చెక్క పుల్లతో నొక్కి, టార్చి వేసి చూసి, నన్ను కూడా చూడమన్నారు. కొండనాలుక పక్కన, అంగిలి వెనక భాగంలో, ఆవగింజలంత తెల్లటి పుళ్ళు. ఒక్కోదాని చుట్టూ ఎర్రటి గీత.

"ముల్లు లేదండీ. ఇది వైరస్. ఎండాకాలంలోనూ వానలు మొదలయ్యేప్పుడూ పిల్లలకి ఎక్కువ వస్తుంది. ఈ వారం ఇలాంటివాళ్ళు చాలామంది వచ్చారు. చేప వల్లా కాదు, వేడి వల్లా కాదు. ఎంగిలి వల్లా, చేతులు సరిగ్గా కడుక్కోకపోవడం వల్లా ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది."

"మరి సూది వెయ్యరా?" మామయ్యగారి గొంతుకి బయట కూర్చున్న పిల్లలందరూ ఒక్కసారి ఏడుపు మొదలెట్టారు.

"వైరస్‌కి యాంటీబయాటిక్ పని చెయ్యదండీ. వారం, పది రోజుల్లో అదే మానుతుంది. నొప్పికీ, జ్వరానికీ పారాసెటమాల్ సిరప్ ఇస్తాను. కారం, పులుపు, వేడివేడివి వద్దు. చల్లటి మజ్జిగ, పెరుగన్నం, ఐస్‌క్రీమ్ పెట్టండి. తాగడం మానేస్తే, ఒంటేలు తగ్గితే వెంటనే తీసుకురండి."

"జ్వరంలో ఐస్‌క్రీమా!" అన్నారు మామయ్యగారు, ఎవరో ఆయన్ని మోసం చేస్తున్నట్టు.

పాపకి ఆ ఒక్క మాటే అర్థమైంది. "అవును తాతా," అంది. ఆ పూటకి అదే మొదటి మాట.

దారిలోనే కప్పు కొన్నాం. చల్లదనానికి నొప్పి మొద్దుబారిందేమో, పాప నెమ్మదిగా మింగింది. మామయ్యగారికి మాత్రం అనుమానం పోలేదు. "ఇంత చల్లగా ఉందేంటి?" అని పాప చెంచాతో ఒక ముక్క, "నిజంగానే చల్లగా ఉంది" అని ఇంకో ముక్క. వద్దన్నా వినలేదు.

పాప తేరుకునే సమయానికి ఆయన మంచం పట్టారు. జ్వరం, గొంతు నొప్పి.

"ముల్లు," అన్నారు పీలగా.

అత్తయ్యగారు టార్చి తెచ్చారు. "నోరు తెరవండి." ఆయన తెరిచారు. ఆవిడ తీరిగ్గా చూశారు. "మనవరాలి పుళ్ళే. ఎంగిలి చెంచా."

అయినా మర్నాడు మార్కెట్‌కి పోయారు. గొంతు పెగల్లేదు, సైగలతోనే పాట మొదలెట్టారు. నొప్పి తెలియజెయ్యాలని గొంతు మీద వేలు పెడితే, పాటదారు ఒకాయన అది ధర అనుకుని ఇంకాస్త పెంచాడు. మామయ్యగారు కంగారుగా చేతులూపితే ఇంకొకాయన ఇంకా పెంచాడు. బొచ్చె చేపల గంప ఎన్నడూ లేని ధరకి పోయింది. పాటదార్లు మోసమన్నారు, గొడవైంది. ఆ పాట కొట్టేసి, మళ్ళీ పెట్టమని మార్కెట్‌వాళ్ళు అత్తయ్యగారికి కబురు పంపారు.

ఆవిడ చీర కొంగు దోపుకుని నిలబడి పాట పెట్టారు. మామయ్యగారు ఐస్ పెట్టె మీద కూర్చుని, ఉప్పు వేసిన చల్లటి మజ్జిగ తాగబోయి ఉప్పుకి మండి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆవిడ పాట ఆపి, "ఉప్పు లేకుండా తాగండి, పుండు మండదూ!" అని అందరి ముందూ అరిచారు.

వారానికి ఆయన గొంతు తిరిగి వచ్చింది. అత్తయ్యగారు మాత్రం శుక్రవారం పాట తనకే ఉండాలన్నారు. ఆయన కాదనలేదు. ప్రతి శుక్రవారం ఇంట్లో ఉండి, పాప చేతులు సబ్బుతో కడిగి, ఎవరి చెంచా వాళ్ళకి వేరుగా పెట్టి, ఆవిడ వచ్చేదాకా గుమ్మంలో కూర్చునేవారు.