మళ్లీ అడగొచ్చని రాసిన బోర్డు

ఖమ్మంలో ఫ్లెక్సీలు ముద్రించే షాపులో నా పని బోర్డుల మీద మాటలు రాయడం. ఒకరోజు ఒక కోచింగ్ సెంటర్ డైరెక్టర్ వచ్చారు. భద్రాచలంలో నీట్ కోచింగ్ బ్రాంచి తెరుస్తున్నారట. ఖమ్మంలో ఆయన బోర్డు మీద ‘ర్యాంకు గ్యారంటీ’ అని ఉండేది. అలా రాయడం ఇప్పుడు నిబంధనలకు విరుద్ధం.

“ర్యాంకు మాట వద్దమ్మా. పిల్లలను మా దగ్గర భయం లేకుండా వదలొచ్చని తల్లిదండ్రులకు అనిపించాలె” అన్నారు.

నేను మూడు వాక్యాలు రాసిచ్చాను. ‘నమ్మకానికి మరో పేరు’ ఆయనకు బాగా నచ్చింది. అచ్చుకు ముందు తల్లిదండ్రులకు చూపిద్దామని అడిగితే ఒప్పుకున్నారు. అడ్మిషన్ల రోజు భద్రాచలం వెళ్లాం.

అడవి పక్క ఊరి నుంచి కూతురితో వచ్చిన ఒకావిడ మూడూ చదివించుకుని విన్నది.

“గివి అందరు రాస్తరు గద మేడం. పోయినేడు పాపను వేరే కోచింగ్‌ల ఏసినం. ఆడ కూడ గిట్లనే రాసుండె. వారం వారం మార్కులు గోడకు అంటించెటోళ్లు. మా పిల్ల పేరు అడుగున ఉండేది. అన్నం తినుడు మానేసింది, తోలుకొచ్చినం.”

“మరి ఏం రాస్తే నమ్ముతారు?” అన్నాను.

ఆమె కూతురి వైపు చూసింది. ఆ పిల్ల తల ఎత్తకుండానే, “తెల్వకపోతే మళ్ల అడగొచ్చా?” అంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ‘అర్థం కాలేదా? మళ్లీ అడగండి’ అని రాసి చూపించాను. డైరెక్టర్‌గారు కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు. “ఇది రాస్తే చెయ్యాలె కదమ్మా” అన్నారు. చెయ్యకపోతే రాయొద్దని చెప్పాను.

బోర్డు మీదా, కరపత్రాల మీదా ఆయన అదే రాయించారు. సాయంత్రం ఒక గంట సందేహాలకే కేటాయించారు. మార్కులు గోడకు అంటించకుండా ఎవరివి వాళ్లకే ఇవ్వసాగారు. ఆ పిల్ల అక్కడే చేరింది. రెండు నెలలకు, ఒక పాఠం మళ్లీ అడిగినందుకు ఫిజిక్స్ లెక్చరర్ ఆమెను, “ఎన్నిసార్లు చెప్పాలి?” అని కసిరారట. మర్నాడు తల్లి కరపత్రం పట్టుకుని డైరెక్టర్ గదికి వచ్చింది.

“సారూ, ఈ కాయితంల ఎన్నిసార్లని రాయలే గద?”

డైరెక్టర్ లెక్చరర్‌ను పిలిపించారు. ఆయన ఆ పాఠం మళ్లీ చెప్పారు. ఈ సంగతి డైరెక్టరే ఫోన్ చేసి నాకు చెప్పారు. ఆయన గొంతులో కోపం లేదు, కొంచెం అలసట ఉంది.

ఆ పిల్లకు మెడికల్ సీటు రాలేదు. నర్సింగ్‌లో చేరింది. తర్వాతి ఏడాది అడ్మిషన్ల కరపత్రాలు ఇవ్వడానికి నేను భద్రాచలం వెళ్లినప్పుడు ఆ తల్లి సెంటర్ ముందు వరుసలో నిలబడి ఉంది. ఈసారి చిన్న కూతురిని తీసుకొచ్చింది.