ఉలుల సంచి ఫోటో ఎవరిది

సంచులమ్మను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు ఇద్దరే మిగిలారు: బ్యాంకు కౌంటర్లో కూర్చునే అమ్మాయి, ఆసుపత్రిలో చీటీ రాసే ఆయన. తక్కిన లోకానికంతా ఆమె సంచులమ్మే. ఆ పిలుపు ఆమెకూ నచ్చింది. పదేళ్లుగా మిషను తొక్కుతూ సంపాదించుకున్న పేరు మరి.

ఆమె కుట్టే సంచుల్లో పేరు మోసింది ఉలుల సంచి. మందపాటి కాన్వాసు గుడ్డకు పది అరలు కుట్టి, ఒక్కో అరలో ఒక్కో ఉలి దూర్చి, చాపలా చుట్టి నాడాతో కట్టేసుకోవడమే. మొదట మొగుడి కోసం కుట్టింది. ఆయన వడ్రంగి. ఉలులన్నీ గోనెసంచీలో పడేసుకుని తిరిగేవాడు, వాటి అంచులు ఒకదాన్నొకటి కొరుక్కునేవి. "నన్ను సాన పట్టమంటే పడతాను గానీ, ఆ ఉలుల్ని మాత్రం కాస్త మర్యాదగా చూసుకోండి" అని కుట్టిచ్చింది. అది చూసి తోటి వడ్రంగులు అడిగారు. తర్వాత ఫోన్లో అమ్మే పెద్ద అంగడిలో ఒక పేజీ పెట్టారు. నాలుగేళ్లు గడిచాయి. ఆ పేజీ కింద కొన్నవాళ్లు రాసిన మాటలు మూడొందల పైచిలుకు. పొద్దున లేవగానే ఒకటో రెండో చదువుకుని గాని ఆమె మిషను ముందు కూర్చోదు.

ఆ మంగళవారం చదువుదామని తెరిస్తే పేజీ లేదు. దాని చోట ఒక ఉత్తరం ఉంది. మీ పేజీలోని ఫోటో తమదని, తమ అనుమతి లేకుండా వాడుకున్నారని పనిముట్ల కంపెనీ ఒకటి ఫిర్యాదు చేసింది, కాబట్టి పేజీ తీసేశాం, ఇలాంటి ఫిర్యాదు ఇంకొకటి నిలిచిందంటే మీ దుకాణమే మూసేస్తాం అని దాని సారాంశం. కింద ఫిర్యాదు నంబరు, రెండు బొత్తాలు. ఒకదాని మీద 'తప్పు ఒప్పుకుంటున్నాను', రెండోదాని మీద 'అభ్యంతరం ఉంది'. గడువు పది రోజులు.

సంచులమ్మ ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. పేజీ పోయిన బాధ ఒక ఎత్తు, తనను దొంగ అన్నారన్న మాట ఇంకో ఎత్తు. పుట్టి బుద్ధెరిగాక పక్కింటి సూది కూడా అడక్కుండా తీసుకోని మనిషి ఆవిడ.

వడ్రంగి చిత్రిక ఆపి వచ్చి తలగోక్కున్నాడు.

"దీనికింత కంగారెందుకు? ఇంకో ఫోటో తీసి కొత్త పేజీ పెట్టేస్తే పోలా?"

"అలా చేస్తే తప్పించుకోడానికి చేసినట్టు లెక్కట. ఇదిగో, ఇక్కడే రాశారు. ఉన్న దుకాణం కూడా పోతుంది."

"పోనీ తప్పయిందని ఒప్పేసుకో. పెద్దవాళ్లతో మనకెందుకు?"

"చెయ్యని తప్పు ఒప్పుకోమంటారా? మీరు వెళ్లి మీ చెక్కలు చూసుకోండి!"

ఆయన చెక్కల దగ్గరికి వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న విద్యల్లో అదొకటి.

గుడ్డ కత్తిరించే బల్ల మీదే కూర్చుని ఆమె నాలుగు పేజీల ఉత్తరం రాసింది. అయ్యా, నావల్ల ఏదైనా పొరపాటు జరిగుంటే పెద్దమనసుతో క్షమించాలి అని మొదలుపెట్టింది. మర్యాదస్తులు ఉత్తరాలు అలాగే మొదలుపెడతారని ఆమె నమ్మకం. తర్వాత తన కష్టసుఖాలు, మిషను కొన్న వైనం, మోకాళ్ల నొప్పులు అన్నీ వచ్చాయి. ఫోటో సంగతి నాలుగో పేజీలో వచ్చింది. 'ఆ ఫోటో నేనే తీసుకున్నాను' అని ఒకే ఒక్క ముక్క.

వీధి చివర జిరాక్సు దుకాణంలో ఒక మాస్టారున్నారు. జీవితమంతా ఒక వకీలు దగ్గర టైపు కొట్టి, ఇప్పుడు ఊళ్లోవాళ్లకు అర్జీలు రాసిపెడుతుంటారు. అంగడి నుంచి వచ్చిన నోటీసు, ఆమె రాసిన నాలుగు పేజీలు రెండూ తాపీగా చదివారు. ఎర్ర పెన్ను తీశారు.

"మూడుచోట్ల క్షమించమన్నావమ్మా. ఎందుకు?"

"మర్యాద కోసం మాస్టారూ."

"నీ మర్యాద వాళ్లకు ఒప్పుకోలులా కనబడుతుంది. ఈ ఉత్తరం ఫిర్యాదు చేసినవాళ్లకు కూడా పంపిస్తారు, మర్చిపోకు." మూడూ కొట్టేశారు. మోకాళ్ల నొప్పులు కూడా కొట్టేశారు. "మనం చెప్పాల్సింది కొంచెమే. ఏ పేజీ, ఏ ఫిర్యాదు, ఆ ఫోటో వాడే హక్కు నీకెలా వచ్చింది, దానికి రుజువేంటి. చివర ఇదంతా నిజమని సంతకం. అబద్ధం రాసి సంతకం పెడితే మళ్లీ అదో తంటా. అందుకే అడుగుతున్నా, ఫోటో నిజంగా నువ్వే తీశావా?"

"మా ఇంట్లోనే తీశాం."

"ఇల్లెవరిదని కాదు. నొక్కిందెవరు? ఫోటో మీద మొదటి హక్కు తీసినవాళ్లది."

సంచులమ్మ నాలుక కరుచుకుంది. నొక్కింది వాళ్ల వదిన. మొగుడికి అక్క. ఆవిడతో మాటల్లేక పద్నాలుగు నెలలయింది.

గొడవ కూడా ఆ ఫోటో గురించే. వదినగారింట్లో నలుగురూ చేరినప్పుడు ఆవిడ అంది: "ఆ ఫోటో నేను తియ్యకపోతే వీళ్ల సంచి గుమ్మం దాటేది కాదు." సంచులమ్మకు ఒళ్లు మండింది. "బొటనవేలితో నొక్కడం కూడా ఒక పనేనా వదినా? వేళ్లరిగేలా కుట్టింది నేను" అని నోరు జారింది. అంతే, ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు. కబుర్లు మోయడం వడ్రంగి వంతయింది. మోసేటప్పుడు సగం మాటలు ఆయన దారిలోనే పారేసేవాడు గనక గొడవ ఇంతకన్నా ముదరలేదు.

"నా ఫోన్లో కూడా ఆ ఫోటో ఉంది మాస్టారూ, అది చాలదా?" ఆశగా అడిగింది.

ఆయన చూసి పెదవి విరిచారు. "ఇది మెసేజిలో వచ్చింది. అలా వస్తే ఫోటో చిక్కిపోతుంది, తీసిన తేదీ వివరాలు రాలిపోతాయి. తీసిన ఫోన్లోని అసలు ఫైలు కావాలి. దాంతోపాటు నువ్వు వాడుకోవచ్చని ఆవిడ రాతపూర్వకంగా ఇవ్వాలి."

వదిన కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగిస్తుంది. మర్నాడు పదకొండింటికి సంచులమ్మ ఆ దుకాణం ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. మూడోసారి లోపలికి వెళ్లింది. వదిన కళ్లజోడు ఫ్రేము వెలుగుకెత్తి చూస్తోంది. ఆ ఫ్రేములోంచే మరదల్ని చూసింది.

"ఏం, కళ్లు కనబడ్డం లేదా?"

"కనబడుతున్నాయి వదినా. ఆలస్యంగా కనబడుతున్నాయి."

సంగతంతా చెప్పింది. వింటున్నంతసేపూ వదిన మొహంలో ఏమీ తెలియలేదు. విన్నాక ఫ్రేము బల్ల మీద పెట్టింది.

"మా మరదల్ని దొంగంటారా? ఎవడా కంపెనీవాడు?" ఒంటికాలి మీద లేచింది. అద్దాలు చూపించుకోడానికొచ్చిన ముసలాయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

ఫోన్లో ఆ రోజు ఫోటోలు ఒకటి కాదు, పదిహేడున్నాయి. సంచులమ్మ ఒక్కోటీ చూస్తుంటే ఆ రోజు గుర్తుకొచ్చింది. కిటికీలోంచి వెలుగు సంచి మీద ఏటవాలుగా పడేదాకా వదిన నలభై నిమిషాలు అందర్నీ కూర్చోబెట్టింది. వడ్రంగి తెచ్చి వేసిన స్టూలు మీద, అది ఊగుతుంటే ప్రాణాలరచేతిలో పెట్టుకుని నిలబడింది. ఉలుల అంచులన్నీ నూనెగుడ్డతో తుడిచింది కూడా ఆవిడే. సంచులమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంత పని కళ్లెదుట జరిగితే తను దాన్ని ఒక్క బొటనవేలు కింద జమకట్టింది.

పదిహేడో ఫోటో దగ్గర ఇద్దరూ ఆగారు. పేజీలో పెట్టింది ఇదే. కానీ అసలు ఫైలు ఇంకా వెడల్పుగా ఉంది. కుడిపక్కన బల్ల అంచు మీద వదినగారి పసుపుపచ్చ హ్యాండుబ్యాగు, కింద వడ్రంగి చెప్పు ఒకటి. పేజీలో పెట్టేటప్పుడు ఆ పక్కంతా కోసేశారు. కంపెనీవాళ్లు తమదంటూ నోటీసుకు జతచేసిన ఫోటో కూడా ఆ కోసిన ముక్కే.

"ముక్క పట్టుకొచ్చి గుడ్డ తాను మొత్తం నాదంటే ఎట్లా?" అంది సంచులమ్మ, కుట్టుపని మనిషి గనక. "తాను మన దగ్గరుందిగా."

"ఆ మాటే రాయి" అంది వదిన.

ఆ సాయంత్రం జిరాక్సు దుకాణంలో ఉత్తరం తయారైంది. నాలుగు పేజీలు పోయి ఒకటే మిగిలింది. పేజీ నంబరు, ఫిర్యాదు నంబరు పోగా అందులో ఉన్నది ఇది:

'ఈ ఫోటో నేను తీసింది కాదు. మా వదిన మా ఇంట్లో, నేను కుట్టిన సంచిని పెట్టి, నలభై నిమిషాలు శ్రమపడి తీశారు. ఆవిడ అనుమతితోనే వాడుతున్నాను. అదే పూట తీసిన పదిహేడు ఫోటోల అసలు ఫైళ్లు తేదీలతో సహా జతపరిచాను. ఫిర్యాదుదారు ఫోటోలో లేని కుడిభాగం మా ఫైలులో ఉంది. ఫిర్యాదుదారు దగ్గర ఇంతకన్నా ముందు తేదీ ఉన్న, ఇంతకన్నా పెద్ద ఫైలు ఉంటే చూపించమని కోరుతున్నాను. ఫిర్యాదు పొరపాటున వేశారని నమ్ముతున్నాను. పేజీని తిరిగి పెట్టి, నా దుకాణం మీద పడిన మచ్చ తీసేయాలి. పైన రాసినదంతా నిజం.'

మాస్టారు ఎర్ర పెన్ను పట్టుకుని 'శ్రమపడి' దగ్గర ఆగారు. "ఇది అవసరమా?"

"అది ఉండాలి మాస్టారూ" అంది సంచులమ్మ. ఆయన పెన్ను మూసేశారు.

పక్కనే కూర్చుని వదిన తన కాగితం రాసింది. 'ఈ ఫోటో నేను తీశాను. మా మరదలు తన సంచులు అమ్ముకోడానికి వాడుకోవచ్చని ఆ రోజే చెప్పాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.' అది చదివి సంచులమ్మ కళ్లు తుడుచుకుంది. మాటల్లేని పద్నాలుగు నెలల్లో ఆ ఫోటో తీసెయ్యమని వదిన ఒక్క కబురూ పంపలేదు. ఆ సంగతి ఇప్పటిదాకా తట్టనే లేదు.

ఆరో రోజున జవాబొచ్చింది. కంపెనీ తన ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. వాళ్లకు సరుకుల క్యాటలాగు పుస్తకం తయారుచేసిచ్చినవాడు ఫోటోలు ఎక్కడెక్కడివో ఏరుకొచ్చాడట. అవన్నీ సొంతమేననుకుని వాళ్లు ఫిర్యాదులు వేసుకుంటూ పోయారట. ఒక క్షమాపణ కూడా రాశారు. పేజీ మూడొందల మాటలతో సహా తిరిగొచ్చింది, దుకాణం మీది మచ్చ పోయింది. వడ్రంగి "నేను ముందే అనుకున్నా" అన్నాడు. ఏమనుకున్నాడో ఎవరూ అడగలేదు.

వదిన వచ్చి పేజీ చూసుకుంది. "అంతా బాగానే ఉంది గానీ, నా బ్యాగెందుకు కోసేశావే?"

"ఇక కొయ్యను వదినా" అని సంచులమ్మ అప్పుడే అసలు ఫోటో పెట్టేసింది, బ్యాగుతో, చెప్పుతో సహా. కింద 'ఫోటో తీసింది మా వదిన' అని రాసింది.

వారం తిరక్కుండా ఎవరో కొనేవాళ్లు అడిగారు: సంచి సరే, పక్కనున్న పసుపుపచ్చ బ్యాగు కూడా అమ్ముతారా?

సంచులమ్మ మిషను ఆపి జవాబు రాసింది: 'అది మా వదినది. ఆవిణ్ని అడక్కుండా నేనేమీ చెప్పలేను.'