పదిహేడో నంబరు జెర్సీ

"మీరు ఆడరు కదా. వాళ్లు గెలిస్తే మీకేం ఒరుగుతుంది?"

పెళ్లయిన కొత్తలో టైలరు భార్య అడిగిన ప్రశ్న ఇది. ఇరవై రెండేళ్లు గడిచినా ఆయన ఆటకి వెళ్లడం మానలేదు. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న మోకాలితో పరుగెత్తలేడు. బంతి మీదికొస్తే కళ్లు మూసుకుంటాడు. కానీ వీధి టీం ఎక్కడ ఆడినా బౌండరీ గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్లో స్కోరు బుక్కు పెట్టుకుని కూర్చునేది ఆయనే. కొలతలు రాసుకునే చేత్తోనే బంతి బంతికీ రాస్తాడు. చుక్క అంటే పరుగు లేదు, డబ్ల్యూ అంటే వికెట్టు. ఆయన పుస్తకంలో కొట్టివేతలు ఉండవు. అవతలి టీం వాళ్లు కూడా తగాదా వస్తే "మాస్టర్ బుక్కు చూడండి" అంటారు.

టీం ఖర్చు మాత్రం పెయింట్ల షాపు ఓనరుది. ఎంట్రీ ఫీజు ఆయనే కడతాడు, బంతులు ఆయనే కొంటాడు. అందుకే టీం పేజీ పాస్‌వర్డు కూడా ఆయన దగ్గరే ఉంటుంది. డబ్బు పెట్టినవాడికి మర్యాద ఇవ్వాలి, కాదనను. కానీ మర్యాదకీ మౌనానికీ తేడా తెలియని వీధి మాది. ఆయన తుమ్మినా పదిమంది లైకు కొడతారు.

ఈసారి ఓనరు పదకొండు జెర్సీలకు గుడ్డ తెచ్చి టైలరుకిచ్చాడు. టైలరు కొలతలు తీసి కుట్టాడు, వెనక నంబర్లు అతికించాడు. పదిహేడో నంబరు బౌలరుది. ఆస్పత్రిలో లిఫ్టు నడిపే కుర్రాడు కాబట్టి అందరూ అతన్ని లిఫ్టు అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్లు, బక్కగా పొడుగ్గా ఉంటాడు, చెయ్యి పైకెత్తితే కరెంటు తీగ తగులుతుందేమో అనిపిస్తుంది. మామూలు చంకతో కుడితే ఆ చెయ్యి తిరిగేటప్పుడు పట్టేస్తుందని టైలరు కుడి చంక కింద రెండు వేళ్ల వెడల్పున అదనపు ముక్క వేశాడు. మిగతా పది జెర్సీల్లో అది లేదు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం జరిగింది. ఎనిమిదేసి ఓవర్ల ఆట. మనవాళ్లు డెబ్భై ఒకటి కొట్టారు. అవతలివాళ్లకి ఆఖరి ఓవర్లో ఎనిమిది కావాలి. లిఫ్టు బంతి అందుకున్నాడు. మొదటి బంతి చుక్క. రెండోది ఒక పరుగు. మూడోది లెగ్ స్టంపు ఎగిరిపోయింది. నాలుగోది రెండు పరుగులు. ఐదోది మళ్లీ చుక్క. ఇంక ఒక బంతికి ఐదు, సిక్సు పడితే కప్పు పోతుంది. ఆరో బంతి యార్కరు, మధ్య స్టంపు. నాలుగు పరుగులతో గెలుపు. రెండు ఓవర్లు, తొమ్మిది పరుగులు, మూడు వికెట్లు. టైలరు బౌలరు గడిలో '17' అని రాసుకుని దాని కింద ఇవన్నీ నింపాడు.

పేరెందుకు రాయలేదంటే అలవాటు. టీంలో ఇద్దరు చిన్నోళ్లు, ముగ్గురు బుజ్జిలు ఉన్నారు. బంతి పడే లోపు ఎవరు ఏ బుజ్జి అని తేల్చుకునే తీరిక ఉండదు. వీపు మీద తను అతికించిన నంబరు కళ్లకి కనబడుతుంటే పేరుతో పనేముందని పదకొండేళ్లుగా నంబర్లే రాస్తున్నాడు.

ఆరింటికి లిఫ్టుకి డ్యూటీ. కప్పు ఇచ్చేదాకా ఉంటే హాజరు పోతుంది. చెమటతో తడిసిన జెర్సీ విప్పి మడతపెట్టి టైలరు చేతిలో పెట్టాడు.

"మాస్టారూ, ఉంచండి. ఇది వేసుకుని వెళ్తే సూపర్‌వైజర్ లిఫ్టులోనే క్లాసు పీకుతాడు."

"ఫోటో ఉందిరా."

"మీరు తీయించుకోండి. నా తరఫున కప్పు ఒకసారి పట్టుకోండి చాలు."

అరగంట తర్వాత ఫోటోకి నిలబడుతుంటే ఓనరు కొడుకు వచ్చాడు. పన్నెండో ఆటగాడు, అంటే నీళ్ల సీసాలు మోసినవాడు. ఓనరు అటువైపు నుంచే కేకేశాడు. "మాస్టర్, మావాడికి జెర్సీ లేదు. నీ చేతిలోది ఇవ్వు, ఫోటోకే కదా." టైలరు ఇచ్చేశాడు. ఆ క్షణంలో ఆయనకి ఏమీ అనిపించలేదు. ఆ తర్వాత ఆ మాట తలుచుకున్నప్పుడల్లా తన చేతులు తనే కొరుక్కోవాలనిపించింది.

సాయంత్రం ఓనరు పోస్టరు పని ఫ్లెక్సీల షాపులో చేసే అమ్మాయికి అప్పగించాడు. ఆమె ఆట చూడలేదు, టీంలో ఎవరూ తెలియదు. గ్రూపు ఫోటో పంపారు. వివరాలు కావాలంటే టైలరు స్కోరు పేజీ ఫోటో తీసి పంపాడు. ఆమె తన పని తాను చేసింది. ఫోటోలోంచి మనుషుల్ని కత్తిరించి వరుస పేర్చింది. పైన షాపు గుర్తు, పక్కన ఓనరు చేతులు జోడించిన బొమ్మ, మధ్యలో కప్పు. ఫైనల్ హీరో ఎవరా అని స్కోరు పేజీ చూసింది. 17 అని ఉంది. ఫోటోలో పదిహేడు ఎవరి ఒంటి మీద ఉందో చూసింది. అతన్ని మిగతావాళ్లకి మూడింతలు పెంచి మధ్యలో నిలబెట్టింది. పేరు కోసం ఓనర్నే అడిగింది. ఓనరు తన కొడుకు పేరు చెప్పాడు. "ఆఖరి ఓవర్ సింహం" అని కింద రాయించాడు.

సోమవారం పొద్దున టైలరు షట్టరు ఎత్తి, టీ గ్లాసు మిషను మీద పెట్టి ఫోను తెరిచాడు. పోస్టు కనబడింది. మొదట నవ్వొచ్చింది, ఏదో పొరపాటనుకున్నాడు. తర్వాత కామెంట్లు చదివాడు. వెయ్యికి పైగా లైకులు. టీం కుర్రాళ్లంతా మంటలు, కప్పులు, చప్పట్ల బొమ్మలు పెట్టారు. నిన్న లిఫ్టుని భుజాల మీద మోసినవాళ్లే. వాటి మధ్య ఊరవతలి పెద్ద టీం మేనేజరు రాసిన కామెంటు ఉంది. "ఆఖరి ఓవర్ వేసిన 17 నంబరు అబ్బాయి ఫోన్ నంబర్ ఇస్తారా? ఆదివారం మా తరఫున ఆడాలి. మ్యాచ్ ఫీజు ఉంటుంది." టెన్నిస్ బాల్ టోర్నమెంట్లలో ఇదే పద్ధతి. పెద్ద టీంలు ఇలాంటి పోస్టులు చూసే బయటి బౌలర్లని పిలుస్తాయి. ఒక మ్యాచ్ ఫీజు లిఫ్టుకి నాలుగు రోజుల జీతం. ఆ కామెంటు కింద పేజీ నుంచి జవాబు వెళ్లింది. ఓనరు కొడుకు నంబరు.

టీ చల్లారిపోయింది. లిఫ్టుకి ఫోను చేశాడు.

"చూశావా?"

"చూశాను మాస్టారూ. పోనీండి."

"పోనీయడమేంటి? ఆ పిల్లాడు బంతేస్తే పక్కింటి డాబా మీద పడుతుంది. వాడు వెళ్లి అక్కడ ఆడతాడా?"

"నేనెళ్లి అడిగితే వచ్చే టోర్నమెంటులో నా పేరుండదు. ఊరుకోండి, ఇంకా డ్యూటీ దిగలేదు, మూడో అంతస్తు బెల్లు కొడుతున్నారు."

మంచివాళ్ల ఓర్పుని మెచ్చుకునే అలవాటు ఒకటుంది మనకి. ఆ ఓర్పు వల్ల ఎప్పుడూ ఎవరికి లాభమో లెక్కేస్తే ఆ మెచ్చుకోలు గొంతులోనే ఆగిపోతుంది. టైలరు షట్టరు సగం దించి, కుంటుకుంటూ పెయింట్ల షాపుకెళ్లాడు. డబ్బాల మధ్య ఓనరు ఫోను చూసుకుంటున్నాడు.

"పోస్టు మార్పించండి. ఆఖరి ఓవరు లిఫ్టు వేశాడు."

"తెలుసు. నేను చూడలేదా?"

తెలుసట. టైలరుకి నిజంగా కోపమొచ్చింది అప్పుడే.

"తెలిసీ పెట్టారా?"

"ఫోటోలో లేనివాణ్ణి ఎలా పెడతాం మాస్టర్? మాట మార్చొచ్చు గానీ బొమ్మ మార్చాలంటే పోస్టు తీసేసి కొత్తది పెట్టాలి. లైకులన్నీ పోతాయి. షేర్లూ పోతాయి. టీం స్పిరిట్ అంటారే, అది ఉండాలి. ఎవడి పేరైతే ఏంటి, గెలుపు అందరిదీ."

"అందరిదీ అయితే మీవాడి మొహం ఒక్కటే అంత పెద్దగా ఎందుకుంది?"

ఓనరు గల్లాపెట్టె మీద వేలితో కొట్టాడు. "చూడు, నీ కుట్టుకూలి సాయంత్రం సెటిల్ చేద్దామనుకుంటున్నాను. మనసు పాడుచేయకు."

టైలరు తిరిగొచ్చి పోస్టు కింద రాశాడు: "ఆఖరి ఓవరు వేసింది ఈ అబ్బాయి కాదు. జెర్సీ ఫోటో కోసం ఇచ్చింది నేనే." రెండు నిమిషాల్లో కామెంటు మాయమైంది. మళ్లీ రాద్దామంటే పేజీ ఆయన్ని బయటికి నెట్టేసింది.

మధ్యాహ్నం భార్య అన్నం పట్టుకొచ్చింది. విన్నది. అంతా విని, "మీరే కదా నంబరు రాసింది. మీరే కదా జెర్సీ ఇచ్చింది" అంది.

"నేనే."

"అయితే ఇలా కూర్చుంటారేం? పేర్లు ఎక్కడా రాయలేదా ఎవరూ?"

రాశారు. టాసుకి ముందు ఆటగాళ్ల పేర్లూ నంబర్లూ ఒక కాగితం మీద రాసి, మేనేజరు సంతకం పెట్టి, టోర్నమెంటు నడిపే డ్రిల్లు మాస్టారుకి ఇవ్వాలి. ఓనరు తరఫున అది రాసింది టైలరే. కింద మేనేజరుగా సంతకం ఓనరుదే. ఆయన అన్నం అలాగే వదిలేసి లేచాడు.

డ్రిల్లు మాస్టారు తక్కువ మాటల మనిషి. బడి మైదానంలో సున్నం గీతలు వేయిస్తూ కాగితం తీసి చూశాడు. పదిహేడు ఎదురుగా లిఫ్టు అసలు పేరుంది. ఓనరు కొడుకు పేరు పన్నెండో వరుసలో, నంబరు గడి ఖాళీ. "టోర్నమెంటు పేజీ నాది. ఫలితం ఇంకా పెట్టలేదు. రాసుకురండి, పెడతాను. ఆఖరి ఓవర్ వీడియో కూడా ఉంది."

టైలరు కాగితం ఫోటో, వీడియో తన ఫోనులోకి తీసుకుని అక్కణ్ణుంచి ఫ్లెక్సీల షాపుకెళ్లాడు. ఆ అమ్మాయి వీడియో ఆపి ఆరో బంతి బొమ్మ పట్టుకుంది. లిఫ్టు చెయ్యి ఆకాశంలో, వీపు మీద పదిహేడు, చంక కింద అదనపు ముక్క విచ్చుకుని.

"నన్నే కదా తిట్టుకున్నారు పొద్దున?" అంది.

"నన్ను తిట్టుకోగా మిగిలింది నీకు వచ్చింది."

ఆమె నవ్వి, "వాక్యం చెప్పండి" అంది. ఆయన స్కోరు బుక్కు తెరిచి చెప్పాడు. సింహాలూ పులులూ లేవు. ఎవరు, ఎవరి మీద, ఎంత తేడాతో. ఓడిన టీం పేరు, అంపైర్ల పేర్లు. ఆఖరి ఓవరు బంతి బంతికీ. పక్కన సంతకంతో సహా ఆటగాళ్ల జాబితా. బౌలరు పేరు పూర్తిగా, తండ్రి పెట్టిన పేరు. వీధిలో సగం మందికి ఆ పేరు అప్పుడే తెలిసింది.

సాయంత్రం నాలుగింటికి పోస్టు పడింది. లైకులు రెండు వందలు దాటలేదు. టీం కుర్రాళ్లలో ముగ్గురే లైకు కొట్టారు. మిగతావాళ్లు చూసి జారుకున్నారు. పెద్ద టీం మేనేజరు మాత్రం చూశాడు. డ్రిల్లు మాస్టారు దగ్గర నంబరు తీసుకుని లిఫ్టుకి ఫోను చేశాడు. ఆదివారం లిఫ్టు సెలవు పెట్టి వెళ్లి ఆడాడు. రెండు ఓవర్లలో పదకొండు పరుగులు, ఒక వికెట్టు. ఫీజు చేతికిచ్చారు. పాత పోస్టు పాత పోస్టులాగే ఉంది, సింహం ఇంకా మధ్యలోనే నిలబడి ఉంది.

టైలరు ఇప్పుడు స్కోరు బుక్కులో పేర్లు రాస్తున్నాడు. ముగ్గురు బుజ్జిలకీ ఇంటిపేరుతో సహా.

జెర్సీకి రెండు వందల చొప్పున పదకొండు జెర్సీల కుట్టుకూలి రెండు వేల రెండు వందలు, అడ్వాన్సు ఐదు వందలు ముట్టింది. పెయింట్ల షాపు ఓనరు ఇంకా పదిహేడు వందలు ఇవ్వాలి.